సైన్ సూత్రం చివర ఆ 2R ఎక్కడిది?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో గణితం తీసుకున్నవాళ్లకు 'త్రిభుజ ధర్మాలు' అనే పాఠం గుర్తుండే ఉంటుంది. అందులో అందరికీ బాగా అలవాటయ్యేది సైన్ సూత్రం. ABC అనే త్రిభుజంలో A కోణానికి ఎదుటి భుజాన్ని a అని, B కి ఎదుటిదాన్ని b అని, C కి ఎదుటిదాన్ని c అని రాసుకుంటే ఆ సూత్రం ఇది:

a/sin A = b/sin B = c/sin C = 2R

మొదటి మూడు భాగాలు లెక్కల్లో తరచుగా వాడతాం. ఒక భుజం, రెండు కోణాలు ఇస్తే మిగిలిన భుజాలు కనుక్కోవచ్చు. చివర ఉన్న 2R ని మాత్రం చాలామంది కంఠతా పట్టి వదిలేస్తారు. R అంటే త్రిభుజం మూడు శీర్షాల మీదుగా పోయే వృత్తపు వ్యాసార్ధం. 2R అంటే ఆ వృత్తపు వ్యాసం. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. త్రిభుజంలో ఉన్నవన్నీ సరళరేఖలే. భుజాన్ని కోణపు సైన్‌తో భాగిస్తే, బొమ్మలో ఎవరూ గీయని వృత్తపు వ్యాసం ఎందుకు రావాలి? అదీ ఏ భుజాన్ని తీసుకున్నా అదే సంఖ్య ఎందుకు రావాలి?

నిజానికి ఈ సూత్రం వృత్తం గురించినదే. వృత్తాన్ని గీసి చూస్తే మూడు నిష్పత్తులు సమానం కావడం వింతగా అనిపించదు. అవి సమానం కాకపోతేనే వింత. ఆ వృత్తాన్ని గీయడంతోనే మొదలుపెడదాం.

మూడు బిందువులకు ఒకే వృత్తం

కాగితం మీద ఒకే సరళరేఖలో లేని మూడు బిందువులు A, B, C పెట్టండి. B కీ C కీ సమాన దూరంలో ఉన్న బిందువులన్నీ BC కి గీసిన లంబ సమద్విఖండన రేఖ మీద ఉంటాయి. అంటే BC ని సరిగ్గా సగం చేస్తూ, దానికి లంబంగా పోయే రేఖ మీద. అలాగే A కీ B కీ సమాన దూరంలో ఉన్నవన్నీ AB లంబ సమద్విఖండన రేఖ మీద ఉంటాయి. ఈ రెండు రేఖలూ ఒకచోట ఖండించుకుంటాయి. ఆ బిందువును O అందాం. O నుంచి A, B, C మూడింటికీ దూరం ఒక్కటే. వృత్తలేఖిని ముల్లును O దగ్గర ఆనించి, పెన్సిలు మొన A ని తాకేలా తెరిచి తిప్పితే, ఆ గీత B, C ల మీదుగా కూడా పోతుంది. ఇదే పరివృత్తం. O పరివృత్త కేంద్రం, OA పరివృత్త వ్యాసార్ధం R.

రెండు రేఖలు ఒక్కచోటే ఖండించుకుంటాయి కాబట్టి ఆ మూడు బిందువులకు వృత్తం కూడా ఒక్కటే. త్రిభుజం ఇచ్చారంటే R కూడా ఇచ్చేసినట్టే. దాన్ని భుజాల నుంచి, కోణాల నుంచి రాబట్టడమే మిగిలిన పని.

ఇలా చూస్తే త్రిభుజం భుజాలకు ఇంకో పేరు వస్తుంది. BC, CA, AB మూడూ పరివృత్తంలో జ్యాలు. త్రిభుజం కోణం A అంటే, BC అనే జ్యా చివరలను వృత్తం మీద ఉన్న A నుంచి చూసినప్పుడు ఏర్పడే కోణం. భుజానికీ ఎదుటి కోణానికీ ఉన్న సంబంధం ఇప్పుడు ఒక జ్యాకూ, వృత్తం మీద అది చేసే కోణానికీ ఉన్న సంబంధంగా మారింది. ఇక్కడ మనకు పదో తరగతి లోపే నేర్చుకున్న ఒక సిద్ధాంతం పనికొస్తుంది.

శీర్షం కదిలినా మారని కోణం

BC జ్యాను అలాగే ఉంచి, A ని వృత్తం మీద కొంచెం కొంచెంగా జరపండి. త్రిభుజం ఆకారం మారిపోతుంది, AB, AC పొడవులు మారతాయి, B, C ల దగ్గర కోణాలు మారతాయి. A దగ్గరి కోణం మాత్రం మారదు. BC కి అదే వైపున ఉన్నంతసేపు A ఎక్కడున్నా ఆ కోణం ఒక్కటే. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమని బడిలో చెప్పేది దీన్నే.

ఎందుకో చూద్దాం. A నుంచి O మీదుగా ఒక గీత గీసి ముందుకు E వరకు పొడిగించండి. OA, OB రెండూ వ్యాసార్ధాలే కాబట్టి OAB సమద్విబాహు త్రిభుజం. అంటే OAB, OBA కోణాలు సమానం. BOE ఆ త్రిభుజానికి బాహ్యకోణం. అది ఆ రెండు కోణాల మొత్తానికి సమానం, అంటే OAB కి రెట్టింపు. రెండో వైపు కూడా ఇంతే: COE కోణం OAC కి రెట్టింపు. రెండూ కలిపితే, కేంద్రం దగ్గర BOC కోణం A కోణానికి రెట్టింపు అని తేలుతుంది. A ని పక్కకు బాగా జరిపితే O ఆ కోణానికి బయట పడవచ్చు. అప్పుడు కలపడానికి బదులు తీసివేయాలి, ఫలితం మాత్రం అదే.

BOC కోణానికి A తో పని లేదు. అది B, C, O ల మీదే ఆధారపడుతుంది. కాబట్టి దానిలో సగమైన A కోణం కూడా A ఎక్కడుందన్న దాని మీద ఆధారపడదు. ఇందులోనే ఇంకో విషయం కూడా ఉంది. BC వృత్తపు వ్యాసమే అయితే కేంద్రం దగ్గరి కోణం 180 డిగ్రీలు, అందులో సగం 90. అందుకే అర్ధవృత్తంలోని కోణం ఎప్పుడూ లంబకోణం.

ఉపపత్తి: శీర్షాన్ని అనువైన చోటికి జరపడం

A ని జరిపినా కోణం మారదన్నప్పుడు, మనకు అనువైన చోటికే దాన్ని జరుపుకోవచ్చు. మనకు కావలసింది వ్యాసం. కాబట్టి B నుంచి O మీదుగా వ్యాసం గీద్దాం. అది వృత్తాన్ని అవతల D దగ్గర తాకుతుంది. BD పొడవు 2R. ఇప్పుడు D ని C తో కలపండి.

BCD అనే త్రిభుజం తయారైంది. BD వ్యాసం కాబట్టి C దగ్గర లంబకోణం. D దగ్గరి కోణం అదే జ్యా BC మీద నిలిచిన కోణం కాబట్టి A కి సమానం. లంబకోణ త్రిభుజంలో ఒక కోణపు సైన్ అంటే ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగించగా వచ్చేది. ఇక్కడ D కి ఎదుటి భుజం BC, అంటే a. కర్ణం BD, అంటే 2R. కాబట్టి

sin A = sin D = a/2R

అటూ ఇటూ మారిస్తే a/sin A = 2R. ఉపపత్తి దాదాపు అయిపోయింది. b, c లకు వేరే శ్రమ అక్కర్లేదు. ఇదే పని CA, AB జ్యాలతో చేస్తే b/sin B, c/sin C కూడా 2R అవుతాయి. వృత్తం ఒక్కటే కాబట్టి దాని వ్యాసం కూడా ఒక్కటే. మూడు నిష్పత్తులు సమానం కావడానికి కారణం ఇంతే.

'దాదాపు' అనడానికి కారణం ఉంది. A, D రెండూ BC కి ఒకే వైపున ఉన్నాయని అనుకుని పై మాట చెప్పాం. A అల్పకోణమైతే కేంద్రం O, BC కి A ఉన్న వైపే ఉంటుంది. D కూడా అటే ఉంటుంది. కనుక చిక్కు లేదు. A సరిగ్గా 90 డిగ్రీలైతే BC నే వ్యాసం. a = 2R, sin 90° = 1, సూత్రం దానంతటదే నిజం.

A అధికకోణమైతే జాగ్రత్తగా చూడాలి. అప్పుడు BC కి ఒక వైపు A, రెండో వైపు O, D ఉంటాయి. A, B, D, C నాలుగూ కలిసి ఒక చక్రీయ చతుర్భుజం అవుతుంది. దాని ఎదురెదురు కోణాల మొత్తం 180 డిగ్రీలు. కాబట్టి D కోణం A కి సమానం కాదు, 180° − A అవుతుంది. కానీ sin(180° − A), sin A ఒక్కటే. అందువల్ల sin D = a/2R అన్న మాట sin A = a/2R గానే నిలుస్తుంది. ఈ మూడు సందర్భాలూ కలిస్తేనే ఉపపత్తి పూర్తవుతుంది. పరీక్షలో చాలామంది మొదటి సందర్భం ఒక్కటే రాసి ఊరుకుంటారు. మార్కులు పోవడం సంగతి అటుంచితే, ఈ మూడో సందర్భాన్ని దాటవేసినవాళ్లకు ఈ సూత్రం ఇచ్చే జవాబుల్లో అసలు చిక్కు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఆ చిక్కు దగ్గరికి చివర్లో వద్దాం.

వ్యాసం గీయకుండా కూడా దీన్నే చూడవచ్చు. O నుంచి BC మీదికి లంబం గీస్తే అది BC ని సగం చేస్తుంది, కేంద్రం దగ్గరి BOC కోణాన్ని కూడా సగం చేస్తుంది. ఆ కోణం 2A కాబట్టి అందులో సగం A. అక్కడ ఏర్పడే చిన్న లంబకోణ త్రిభుజంలో కర్ణం R, A కి ఎదుటి భుజం a/2. అంటే a/2 = R sin A. సగం జ్యా అంటే వ్యాసార్ధాన్ని కోణపు సైన్‌తో గుణించగా వచ్చేది. రెండో శతాబ్దంలో టాలెమీ తన 'అల్మజెస్ట్'లో పూర్తి జ్యాల పొడవులతో పట్టిక కట్టాడు. 499 నాటి 'ఆర్యభటీయం'లో ఆర్యభటుడు వ్యాసార్ధాన్ని 3438 గా తీసుకుని సగం జ్యాల విలువలు ఇచ్చాడు. ఆయన లెక్కలో 30 డిగ్రీలకు సగం జ్యా 1719, వ్యాసార్ధంలో సరిగ్గా సగం. sin 30° = 1/2 అని మనం చెప్పుకునేది ఇదే. సైన్ అన్నది మొదటి నుంచీ వృత్తంలోని జ్యాకు సంబంధించిన కొలతే కాబట్టి, సైన్ సూత్రంలో వృత్తం బయటపడటంలో ఆశ్చర్యం లేదు.

బ్రహ్మగుప్తుడి దారి

పాఠ్యపుస్తకాల్లో ఇంకో ఉపపత్తి కూడా కనిపిస్తుంది. A నుంచి BC మీదికి లంబం గీసి దాని పొడవు h అనుకుంటారు. ఆ లంబానికి అటూ ఇటూ రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. ఒకదాని నుంచి h = c sin B, రెండోదాని నుంచి h = b sin C. రెండూ సమానం కాబట్టి b/sin B = c/sin C. రెండు వరుసల్లో పని అయిపోతుంది. కానీ ఈ దారిలో నిష్పత్తులు సమానమని మాత్రమే తెలుస్తుంది, ఆ సమాన విలువ ఏమిటో తెలియదు. దాన్ని తెలుసుకోవాలంటే h కీ R కీ ఉన్న సంబంధం కావాలి.

ఆ సంబంధాన్ని బ్రహ్మగుప్తుడు 628 లో రాసిన 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం'లో ఇచ్చాడు. త్రిభుజంలో రెండు భుజాలను గుణించి, ఆ భుజాలు కలిసే శీర్షం నుంచి దిగిన లంబానికి రెట్టింపుతో భాగిస్తే పరివృత్త వ్యాసార్ధం వస్తుందని ఆ నియమం. ఆ వ్యాసార్ధాన్ని ఆయన హృదయరజ్జువు అన్నాడు. మన అక్షరాల్లో రాస్తే:

R = bc/2h

ఇందులో సైన్ ప్రసక్తే లేదు, కోణాలు కొలవాల్సిన పని లేదు. నిజమో కాదో చూద్దాం. A నుంచి O మీదుగా AE అనే వ్యాసం గీయండి. A నుంచి BC మీదికి లంబం AH గీయండి. ABE, AHC అనే రెండు త్రిభుజాలను పక్కపక్కన పెట్టి పోల్చండి. AE వ్యాసం కాబట్టి B దగ్గర లంబకోణం. AH లంబం కాబట్టి H దగ్గర లంబకోణం. E దగ్గరి కోణం, C దగ్గరి కోణం రెండూ AB అనే జ్యా మీద నిలిచినవే కాబట్టి సమానం. రెండేసి కోణాలు సమానమైతే త్రిభుజాలు సరూపాలు. కాబట్టి మొదటిదానిలో AB కి AE తో ఉన్న నిష్పత్తి, రెండోదానిలో AH కి AC తో ఉన్న నిష్పత్తికి సమానం. అంటే c/2R = h/b. అడ్డంగా గుణిస్తే bc = 2Rh. బ్రహ్మగుప్తుడి నియమం ఇదే.

ఇందులో h బదులు b sin C పెడితే b రెండు వైపులా కొట్టుకుపోయి c/sin C = 2R మిగులుతుంది. సైన్ సూత్రం, చివరి 2R తో సహా.

ఒక త్రిభుజాన్ని తీసుకుని లెక్క వేసి చూద్దాం. AB = 13, BC = 14, CA = 15 సెంటీమీటర్లు. A నుంచి BC మీదికి లంబం గీస్తే అది 14 ని 5, 9 గా విడగొడుతుంది. లంబం పొడవు 12. సరిచూసుకోవడం తేలిక: 5, 12, 13 ఒక లంబకోణ త్రిభుజం, 9, 12, 15 మరొకటి. బ్రహ్మగుప్తుడి నియమం ప్రకారం R = (13 × 15)/(2 × 12) = 195/24 = 8.125 సెంటీమీటర్లు. వ్యాసం 16.25.

ఇప్పుడు సైన్‌లతో చూద్దాం. sin B = 12/13. దానికి ఎదుటి భుజం 15. 15 ని 12/13 తో భాగిస్తే 16.25. sin C = 12/15. దానికి ఎదుటి భుజం 13. 13 ని 12/15 తో భాగించినా 16.25. మూడో కోణానికి వైశాల్యం వాడుకోవాలి. వైశాల్యం 14 × 12 లో సగం, అంటే 84. అదే వైశాల్యం 13 × 15 × sin A లో సగానికి కూడా సమానం. అలా sin A = 168/195 వస్తుంది. 14 ని దానితో భాగిస్తే మళ్లీ 16.25. ఈ త్రిభుజాన్ని కాగితం మీద కొలత ప్రకారం గీసి, లంబ సమద్విఖండన రేఖలతో కేంద్రాన్ని పట్టుకుని, వృత్తలేఖినిని ఎనిమిది సెంటీమీటర్ల మీద ఒక మిల్లీమీటరు తెరిచి తిప్పితే గీత మూడు శీర్షాలనూ తాకుతూ పోతుంది.

రైలు పట్టాల మీద అదే లెక్క

బ్రహ్మగుప్తుడి నియమం నేటికీ పనిచేసే చోటు ఒకటుంది. రైలు పట్టా వంపు తిరిగే చోట ఆ వంపు ఎంత వ్యాసార్ధంతో ఉందో తెలియాలి. వంపులో రైలు ఎంత వేగంతో పోవచ్చు, బయటి పట్టాను లోపలి పట్టా కన్నా ఎంత ఎత్తులో ఉంచాలి అన్నవి దాని మీదే ఆధారపడతాయి. కానీ వ్యాసార్ధం వందల మీటర్లు ఉంటుంది. కేంద్రం ఏ పొలంలోనో, ఏ గుట్ట మీదో ఉంటుంది. అక్కడికి వెళ్లి టేపుతో కొలవలేం.

ట్రాక్ సిబ్బంది చేసే పని ఇది. బయటి పట్టా లోపలి అంచు వెంట 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు బిందువుల మధ్య ఒక సన్నని దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటారు. దారం నిటారుగా ఉంటుంది, పట్టా వంగి ఉంటుంది. సరిగ్గా మధ్యలో దారానికీ పట్టా అంచుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. దీన్ని వెర్సైన్ అంటారు. తర్వాత లెక్క వేసే సూత్రం:

R = 125 × C²/V

ఇందులో C మీటర్లలో దారం పొడవు, V మిల్లీమీటర్లలో వెర్సైన్. దారం 20 మీటర్లు, వెర్సైన్ 100 మిల్లీమీటర్లు అయితే R = 125 × 400/100 = 500 మీటర్లు.

ఈ 125 ఎక్కడ నుంచి వచ్చింది? దారం రెండు చివరలూ, మధ్యలో పట్టా మీది బిందువూ కలిస్తే ఒక త్రిభుజం. మూడు శీర్షాలూ పట్టా వంపు మీదే ఉన్నాయి కాబట్టి ఆ వంపే దాని పరివృత్తం. దారం దాని ఆధారం, వెర్సైన్ దాని లంబం. మిగిలిన రెండు భుజాలూ సమానం. ఒక్కొక్క దాని వర్గం, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం, 10 వర్గం, 0.1 వర్గం కలిపితే వచ్చే 100.01. రెండు భుజాల లబ్ధం కూడా అదే. దాన్ని లంబానికి రెట్టింపైన 0.2 తో భాగిస్తే 500.05 మీటర్లు. పట్టాల సూత్రంలో ఆ 0.01 ని వదిలేస్తారు. అలా వదిలేయగా మిగిలేది C² ని 8 రెట్ల వెర్సైన్‌తో భాగించడం. వెర్సైన్‌ను మిల్లీమీటర్లలో రాస్తే 1000 ని 8 తో భాగించగా వచ్చే 125 ముందుకు వస్తుంది. అర కిలోమీటరు మీద వదిలేసింది ఐదు సెంటీమీటర్లు. వంపు కొలతకు అది లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చేది కొలతలో జరిగే పొరపాటు. వెర్సైన్ 100 ఉండాల్సిన చోట 101 అని చదివితే R దాదాపు 495 వస్తుంది. ఐదు మీటర్ల తేడా, నూటికి ఒక పాలు. అదే 2500 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మెల్లని వంపులో వెర్సైన్ 20 మిల్లీమీటర్లే. అక్కడ 20 కి బదులు 21 చదివితే R దాదాపు 2381 వస్తుంది. ఒక్క మిల్లీమీటరుకు 119 మీటర్ల తేడా. మూడు బిందువులు ఒకే సరళరేఖకు దగ్గరైన కొద్దీ లంబం చిన్నదవుతుంది, చిన్న సంఖ్యతో భాగించడం వల్ల పొరపాటు పెద్దదవుతుంది. కాగితం మీద కూడా ఇదే జరుగుతుంది. బాగా చదునైన త్రిభుజంలో లంబ సమద్విఖండన రేఖలు దాదాపు సమాంతరంగా పోతాయి, అవి ఎక్కడ ఖండించుకున్నాయో కచ్చితంగా చెప్పలేం. అందుకే ట్రాక్ మీద ఒక్క కొలతను నమ్ముకోరు. పది మీటర్లకొకసారి ముందుకు జరుగుతూ వంపు పొడవునా వెర్సైన్‌లు కొలుస్తారు. నిజమైన వృత్తం మీద అవన్నీ సమానంగా రావాలి. ఒకచోట ఎక్కువ, పక్కన తక్కువ వస్తున్నాయంటే కొలతైనా తప్పాలి, పట్టా అయినా పక్కకు జరిగి ఉండాలి.

సూత్రం చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన చిక్కు. రెండు భుజాలు, వాటి మధ్యది కాని ఒక కోణం ఇచ్చి త్రిభుజాన్ని కనుక్కోమంటే విద్యార్థులు తరచుగా ఒక జవాబు రాసి రెండోది వదిలేస్తారు. లేని త్రిభుజానికి జవాబు కోసం వెతుకుతూ ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. 2R ని వెంట పెట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

A = 30°, a = 5 అనుకుందాం. sin 30° = 1/2 కాబట్టి 2R = 10. b ఎంతో ఇంకా చెప్పకముందే వృత్తం తేలిపోయింది. త్రిభుజం ఏదైనా సరే, అది 10 వ్యాసం ఉన్న వృత్తంలోనే ఉండాలి. ఇక b ఆ వృత్తంలో ఒక జ్యా.

b = 12 అంటే త్రిభుజమే లేదు. 10 వ్యాసం ఉన్న వృత్తంలో 12 పొడవు జ్యా పట్టదు. లెక్కలో ఇది sin B = 1.2 గా కనిపిస్తుంది. సైన్ 1 ని మించదు. b = 10 అంటే ఆ జ్యా వ్యాసమే, B లంబకోణం, త్రిభుజం ఒక్కటే.

b = 8 అంటే sin B = 0.8. కాలిక్యులేటర్ 53.13° అని చూపిస్తుంది. కానీ 126.87° సైన్ కూడా 0.8 నే. దానికి 30 కలిపినా 180 దాటదు కాబట్టి ఇదీ సాధ్యమే. మొదటి సందర్భంలో C = 96.87°, c = 10 × sin C, అంటే దాదాపు 9.93. రెండో సందర్భంలో C = 23.13°, c దాదాపు 3.93. రెండు వేర్వేరు త్రిభుజాలు, రెంటికీ పరివృత్త వ్యాసార్ధం 5 నే. 8 పొడవున్న జ్యా వృత్తాన్ని రెండు చాపాలుగా విడగొడుతుంది. B పెద్ద చాపం మీద ఉంటే అల్పకోణం, చిన్న చాపం మీద ఉంటే అధికకోణం. ఉపపత్తిలో D, A లు జ్యాకు చెరో వైపు పడిన ఆ మూడో సందర్భమే ఇక్కడ రెండో జవాబుగా వచ్చింది.

b = 4 అయితే sin B = 0.4. B 23.58° కావచ్చు, లేదా 156.42° కావచ్చు. రెండోదానికి 30 కలిపితే 180 దాటిపోతుంది. కాబట్టి త్రిభుజం ఒక్కటే. b భుజం a కన్నా చిన్నదైతే B కోణం A కన్నా చిన్నదిగానే ఉండాలన్న నియమం కూడా ఇదే చెబుతుంది.

భుజం, ఎదుటి కోణం తెలిస్తే సైన్ సూత్రం వృత్తం ఎంతో కచ్చితంగా చెబుతుంది. వృత్తం, భుజం తెలిస్తే ఎదుటి కోణం గురించి మాత్రం సగమే చెబుతుంది: శీర్షం జ్యాకు ఏ వైపు ఉందో చెప్పదు. మూడు భుజాలూ తెలిసినప్పుడు ఆ లోటు తీర్చడానికి ఒక చిన్న పరీక్ష చాలు. అతి పెద్ద భుజం వర్గాన్ని మిగతా రెండింటి వర్గాల మొత్తంతో పోల్చండి. ఎక్కువైతే దాని ఎదుటి కోణం అధికకోణం, తక్కువైతే అల్పకోణం. మిగతా రెండు కోణాలు ఎలాగూ అల్పకోణాలే. రెండు భుజాలు, ఒక కోణం మాత్రమే ఇచ్చినప్పుడు ఆ పరీక్షకు అవకాశం లేదు. అప్పుడు ముందుగా 2R లెక్క వేసి, వృత్తం గీసి, జ్యాకు రెండు వైపులా శీర్షాన్ని పెట్టి చూసి, మిగిలే కోణం సున్నా కన్నా ఎక్కువ ఉన్న ప్రతి త్రిభుజాన్నీ జవాబుగా రాయాలి.